బాపు ప్లే స్టోర్ల నించే వేసిన అంటుండు, 48 వేలు పోయినయ్. అది అసలు ప్లే స్టోరేనా?

హన్మకొండ_పిల్ల
మా బాపు ఫోన్ల జరిగింది. నిన్న సాయంత్రం ఆయన పాత దోస్తు నంబర్ నించి వాట్సాప్‌ల మెసేజ్ వచ్చిందట, మీ బండి సిగ్నల్ జంప్ చేసింది, 1,000 చలానా పడ్డది, ఫొటో చూసుకోన్రి అని కింద లింకు. బాపు పొద్దున నిజంగనే నక్కలగుట్ట దిక్కు పోయొచ్చిండు, గందుకే నమ్మిండు. నొక్కంగనే ప్లే స్టోర్ తెరుచుకున్నదట, పరివాహన్ అని యాప్, 4.6 రేటింగ్, కోటి డౌన్‌లోడ్లు, కింద రివ్యూలు గూడ. ఇన్‌స్టాల్ కొట్టిండు. బండి నంబర్ అడిగింది, వెరిఫికేషన్‌కు 1 రూపాయి కట్టుమన్నది, ఏటీఎం కార్డు నంబర్, వెనకాల మూడంకెలు అన్నీ కొట్టిండు. రాత్రి ఒంటిగంట దాటినంక 19,500, మళ్ల 19,500, మళ్ల 9,000. ఒక్క మెసేజ్ రాలే. పొద్దున పాలాయనకు పైసలు కొట్టబోతే బ్యాలెన్స్ లేదన్నప్పుడు తెలిసింది.
ఇప్పుడు నేనేమన్న అంటే నా మీదికే లేస్తుండు, "నువ్వే చెప్పినవ్ గదా ప్లే స్టోర్ల నించే వేసుకోవాలె, రేటింగ్ చూడాలె అని, గట్లనే చేసిన" అని. నాకైతే జవాబు దొరకలే. ప్లే స్టోర్ల గూడ గిట్ల ఉంటే ఇంక దేన్ని నమ్మాలె?

ములుగు_రోడ్డు
1930కి ఫోన్ కొట్టినవా లేదా ముందుగాల అది చెప్పు. ప్లే స్టోర్ ముచ్చట తర్వాత.

హన్మకొండ_పిల్ల
పొద్దున ఏడున్నరకు కొట్టినం, నంబర్ ఇచ్చిన్రు. కార్డు బ్లాక్ చేపిచ్చినం. cybercrime.gov.in ల రాయాలె ఇంక.

పరకాల_పత్తి
నాకు సమజ్ గాలే. యూపీఐ పిన్ ఎవ్వలికి చెప్పలే గదా, మరి పైసలెట్ల పోతయ్? పిన్ లేకుంటే పోవు. మీ బాపు ఎవలికో ఫోన్ల చెప్పుంటడు, ఇంట్ల తిడ్తరని దాస్తుండు కావచ్చు.

భద్రకాళి_బండ్
@పరకాల_పత్తి యూపీఐ కాదన్నా, కార్డు. నంబర్, తారీఖు, వెనకాల మూడంకెలు ఆయనే 1 రూపాయి కోసం కొట్టిండు. ఇంక వాళ్లకు కావాల్సింది ఓటీపీ ఒక్కటే, ఆ ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే, ఆ ఫోన్ల వాళ్ల యాప్ కూసున్నది. పెద్దాయన ఎవ్వలికీ చెప్పే అవసరమే లేదు, నిద్రపోతుంటే అయిపోతది.

@హన్మకొండ_పిల్ల ఫోన్ ఇప్పుడు ఏ స్థితిల ఉన్నది? నెట్ నడుస్తుందా? డాటా, వైఫై రెండూ బంద్ చెయ్. సిమ్ తీసి బటన్ల ఫోన్ల వెయ్, ఉంటే. ఇంక వచ్చే ఓటీపీలు అందులకు పోతయ్. యాప్ మాత్రం తీసెయ్యకు, ఫోన్ రీసెట్ కొట్టకు, కొన్ని ఫొటోలు తీసుకోవాలె.

చౌరస్తా_సెల్_పాయింట్
రీసెట్ కొట్టకు అంటరేందన్నా. నా దుకాణానికి నెలకు ముగ్గురు నలుగురు గిదే కత తోని వస్తరు, నేను ఫస్ట్ చేసేదే రీసెట్. ఎంతసేపు ఉంచితే అంత నష్టం.

భద్రకాళి_బండ్
నెట్ బంద్ చేసి, సిమ్ తీసినంక అది ఏం నష్టం చేస్తది? అది చేసే పని రెండే, మెసేజ్ చదువుడు, బయటికి పంపుడు. రీసెట్ చేస్తే సాక్ష్యం పోతది, రేపు బ్యాంకోళ్లు "మీరే ఓటీపీ ఇచ్చిన్రు" అంటే చూపెట్టడానికి ఏముంటది? ఫొటోలు తీసినంక చేసుకోని రీసెట్, నేనే చేయమంట.

చౌరస్తా_సెల్_పాయింట్
సరే గది పాయింటే. మాకు కస్టమర్ నిలవడి తొందర పెడ్తడు, ఫొటోలు ఎవడు తీస్తడు.

మడికొండ_మాస్టారు
నా ఫోనులో ప్లే స్టోర్ తెరిస్తే స్టోరేజీ నిండిందని వస్తున్నది. అది కూడా ఇలాంటి దొంగ పనేనా? ఎవరైనా చెప్పగలరు.

ములుగు_రోడ్డు
మాస్టారూ మీది మనవడి వీడియోలు నిండి ఉంటయ్, దొంగలు కాదు 😀

హన్మకొండ_పిల్ల
నెట్ బంద్ చేసిన, సిమ్ తీసిన. కానీ ఒకటి, ఆ యాప్ కనవడ్తనే లేదు. నిన్న స్క్రీన్ మీద బొమ్మ ఉండే అంటుండు బాపు, ఇప్పుడు లేదు. తీసెయ్యనీకె గూడ ఏం లేదు.

భద్రకాళి_బండ్
బొమ్మ దాసుకుంటయ్ అవి, గది మామూలే. సెట్టింగ్స్‌ల యాప్స్, అందుల సీ ఆల్ యాప్స్. పేరు లేకుండ ఖాళీగ గానీ, అప్‌డేట్, సర్వీస్ అసుంటి పేరుతోని గానీ ఆండ్రాయిడ్ బొమ్మ పెట్టుకోని ఏదన్న ఉంటది. దాని మీద నొక్కి కిందిదాంక పో. ఆఖరికి "యాప్ డీటెయిల్స్" అని ఉంటది, దాని కింద ఎక్కడి నించి వేసిన్రో చిన్న అక్షరాలల్ల రాస్తది. గూగుల్ ప్లే స్టోర్ అని ఉంటే మీ బాపు గెలిచిండు. వేరే ఏదన్న ఉంటే నువ్వు గెలిచినవ్.
పక్కన వాట్సాప్ మీద గూడ నొక్కి పోల్చి చూడు, తేడా తెలుస్తది. కంపెనీని బట్టి మెనూల పేర్లు కొంచెం మారుతయ్.

నర్సంపేట_మిర్చి
నన్నడిగితే ఒకటే లెక్క. మెసేజ్‌ల పర్మిషన్ అడిగిన యాప్ ప్రతీది దొంగదే. అడిగిందా, అక్కడికే తీసి అవతల పారెయ్యాలె. నేను గట్లనే చేస్త.

కాజీపేట_జంక్షన్
అట్లయితే మీ ఫోన్ల బ్యాంకు యాప్ గూడ ఉండొద్దు మిర్చి అన్నా. కొత్త ఫోన్ల వేసినప్పుడు అది మెసేజ్ పర్మిషన్ అడుగుతది, సిమ్ నీదేనా అని చూసుకోనీకె నీ నంబర్ నించే ఒక మెసేజ్ పంపుకుంటది.

నర్సంపేట_మిర్చి
అవును అడిగింది మొన్న. మరి ఎట్ల?

భద్రకాళి_బండ్
పర్మిషన్ ఒక్కటి చూసి చెప్పలేం అన్నా, ఎవరు అడుగుతున్నరు, ఎక్కడి నించి వచ్చి అడుగుతున్నరు అనేది కలిపి చూడాలె. ప్లే స్టోర్ల 2019 నించి కట్టడి ఉన్నది, మెసేజ్‌లు, కాల్ లాగ్ అడిగే యాప్ ఎందుకు కావాలెనో గూగుల్‌కు చెప్పుకోవాలె, వాళ్లు ఒప్పుకుంటేనే ఉంటది. అందుకనే గీ దొంగలకు ప్లే స్టోర్ దారి కష్టం, బయటి నించి ఫైల్ పంపి వేపిస్తరు. చలానా చూసుకునే యాప్‌కు నీ మెసేజ్‌లన్నీ చదివే పనేందసలు? బండి నంబర్ కొడితే చాలు గదా.

హన్మకొండ_పిల్ల
దొరికింది!! రెండున్నయ్. ఒకటి పేరే లేదు, ఖాళీ. ఇంకోటి సింక్ సర్వీస్ అట. ఖాళీదాని కింద ప్లే స్టోర్ అని లేదు, ప్యాకేజ్ ఇన్‌స్టాలర్ అని ఉన్నది. వాట్సాప్‌కు మాత్రం గూగుల్ ప్లే స్టోర్ అనే ఉన్నది. బాపుకు చూపెట్టిన. ఏం మాట్లాడకుండ బయటికి పోయి కూసున్నడు, పాపం అనిపిచ్చింది.
కానీ ఆయన చూసింది ప్లే స్టోర్ పేజే అంటుండు, రంగు, ఇన్‌స్టాల్ బటన్, అన్నీ.

జమ్మికుంట_జాజి
మా మేనమామకు గిట్లనే అయ్యింది గానీ ఆయనకు పీఎం కిసాన్ అని పెట్టిన్రు. 2,000 పడ్తయ్ కేవైసీ చేసుకో అని. ఆ పేజీ నేను చూసిన, అచ్చం ప్లే స్టోరే, రివ్యూలు రాసినోళ్ల ఫొటోలతో సహా. కానీ ఆ రివ్యూలను పైకి జరిపితే కొత్తయి రావు, "అన్ని రివ్యూలు చూడు" అన్నది నొక్కితే ఏం కాదు. బొమ్మ గీసినట్టే మొత్తం.

భద్రకాళి_బండ్
అంతే, అది క్రోమ్‌ల తెరుచుకున్న ఒక వెబ్ పేజీ. 4.6 అనేది ఎవ్వరూ ఇచ్చింది కాదు, పేజీ తయారు చేసినోడు టైప్ చేసిండు. పెద్దాయన రేటింగ్ చూసిండు, తప్పు లేదు, కానీ ఆ రేటింగ్ ఏ గోడ మీద రాసుందో చూడలే.

జాజి అన్నట్టు రివ్యూలు కదుల్తయా లేదా చూడొచ్చు, పైన చిరునామా పట్టీ ఉన్నదా చూడొచ్చు, కానీ చూపు సరిగ ఆననోళ్లు గవన్నీ గమనించరు. గమనించేది ఇన్‌స్టాల్ కొట్టినంక వస్తది. అసలు ప్లే స్టోర్ల కొడితే ఆ పేజీల్నే గుండ్రంగ తిరిగి, అక్కడ్నే ఓపెన్ అని వస్తది, మధ్యల ఏం అడగదు. దొంగదాంట్ల కొడితే ఫైల్ డౌన్‌లోడ్ అయితది, దాని పేరు ఆఖరుకు .apk అని ఉంటది, క్రోమ్ "ఈ ఫైల్ హానికరం కావొచ్చు" అంటది. తర్వాత ఫోన్ "ఈ సోర్స్ నించి తెలియని యాప్‌లు వేయనీకె పర్మిషన్ లేదు" అని ఆపి, సెట్టింగ్స్‌లకు తీస్కపోయి బటన్ ఆన్ చేయమంటది. ఆ ప్రశ్న ప్లే స్టోర్ ఎన్నడూ అడగదు. అడిగిందంటే నువ్వు ప్లే స్టోర్ల లేవు.
అడుగు బాపును, నిన్న గా బటన్ ఆన్ చేసినవా అని.

హన్మకొండ_పిల్ల
అడిగిన. "ఏదో అడ్డం వస్తే అలో అన్న, రెండు మూడు సార్లు అన్న" అంటుండు. ఇంకో మాట గూడ చెప్పిండు, ఆ పేజీలనే బాణం గుర్తులతోని బొమ్మలు పెట్టిన్రట, ఇక్కడ నొక్కు, ఇది ఆఫ్ చెయ్ అని. ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ ఉన్నది చూస్తే.

కాజీపేట_జంక్షన్
వార్నీ. తాళం తీసే పద్ధతి గూడ దొంగే నేర్పిచ్చిండు.

భద్రకాళి_బండ్
దాని కోసమే ఆఫ్ చేపిచ్చిన్రు. 2024 అక్టోబర్‌ల గూగుల్ మన దేశంల ఒకటి మొదలు పెడతమని చెప్పింది, బ్రౌజర్ నించో మెసేజ్‌ల నించో వచ్చిన యాప్ మెసేజ్‌లు చదువుడు, నోటిఫికేషన్లు చూసుడు, యాక్సెసిబిలిటీ అసుంటివి కోరితే ప్లే ప్రొటెక్ట్ దాన్ని వెయ్యనీయకుండ ఆపేస్తది. గది ఆన్‌ల ఉంటే గిసుంటియి ఎక్కుడు కష్టమయ్యేది. ప్లే స్టోర్ తెరిచి పైన మీ ఫొటో మీద నొక్కితే ప్లే ప్రొటెక్ట్, అందుల మూలకున్న చక్రం, మళ్ల ఆన్ చెయ్. ఇంట్ల అందరి ఫోన్లల్ల చూడు.

ఇంకోటి. సెట్టింగ్స్ – యాప్స్ – డిఫాల్ట్ యాప్స్‌ల ఎస్సెమ్మెస్ యాప్ ఏదున్నదో చూసి చెప్పు. నాకు దాని మీదనే అనుమానం.

హన్మకొండ_పిల్ల
సింక్ సర్వీస్ అని ఉన్నది. ఇది ఏందన్నా?

భద్రకాళి_బండ్
ఫొటో తియ్. స్క్రీన్‌షాట్ కాదు, వేరే ఫోన్‌తోని తియ్, టైం కనవడాలె. నీ కేస్‌ల అన్నిటికన్న పనికొచ్చేది ఇదే.
మెసేజ్ చదివే పర్మిషన్ ఉన్న యాప్ చదువుతది గానీ డిలీట్ చెయ్యలేదు. ఆండ్రాయిడ్ 4.4 అంటే 2013 నించి డిఫాల్ట్‌గ పెట్టుకున్న ఒక్క యాప్‌కే మెసేజ్‌లు తుడిచే అధికారం. మీ బాపుకు రాత్రి ఒక్క మెసేజ్ గూడ కనవడలే అన్నవ్ గదా, బ్యాంకు పంపలేదని కాదు, పంపింది, అది చదివి వాళ్లకు పంపి ఇక్కడ తుడిచేసింది. కొట్లాడేటప్పుడు గిది చూపెట్టు.
ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు ఎవరన్న ఉన్నరా దగ్గర్ల?

హన్మకొండ_పిల్ల
మా చిన్నమ్మ కొడుకు కిట్స్‌ల చదువుతుండు, హాస్టల్ల ఉంటడు, సాయంత్రం వస్తడు.

భద్రకాళి_బండ్
ఫోన్ల డెవలపర్ ఆప్షన్స్‌ల యూఎస్బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌కు కలిపి ఇది కొట్టమను. ఏ యాప్‌ను ఏ యాప్ వేసిందో వరుసగ చెప్తది:

```
adb shell pm list packages -3 -i
```

పని అయినంక డీబగ్గింగ్ ఆఫ్ చెయ్యాలె, మర్వొద్దు.

చౌరస్తా_సెల్_పాయింట్
అన్నా గియ్యన్నీ కంప్యూటరోళ్ల ముచ్చట్లు. నేను ఇన్‌స్టాలర్ కాడ ప్లే స్టోర్ అసలు పేరు com.android.vending లేకుంటే ఏదైనా వైరస్సే అని తీసేస్త.

భద్రకాళి_బండ్
అట్ల తీసేస్తే మంచియి గూడ పోతయన్నా. సామ్‌సంగ్ ఫోన్ల వాళ్ల సొంత స్టోర్ ఉంటది, దాంట్ల వేసిన వాటికి com.sec.android.app.samsungapps అని వస్తది. షావోమీకి వాళ్లది వేరే. గవి దొంగయి కావు. నేను ఎఫ్-డ్రాయిడ్ అనే ఇంకో యాప్ స్టోర్ నించి వేసుకున్నయి నా ఫోన్ల పది దాంక ఉన్నయ్.

కాజీపేట_జంక్షన్
అంటే నువ్వు బయట్నించి వేసుకోవచ్చు, మా బాపులు వేసుకోవద్దు?

భద్రకాళి_బండ్
అట్లనే అనుకో 😀 నేను వెతుక్కుంట పోయి వేసుకున్న, ఎవడో లింక్ పంపి తొందర పెట్టలే. ఆ బటన్ గూడ ఎఫ్-డ్రాయిడ్ ఒక్కదానికే ఆన్, వాట్సాప్‌కు, క్రోమ్‌కు ఆఫ్. ఆండ్రాయిడ్ 8 నించి ఒక్కో యాప్‌కు వేరే వేరే బటన్ ఇచ్చిన్రు, అంతకుముందు మొత్తానికి ఒక్కటే ఉండె. పెద్దోళ్ల ఫోన్లల్ల "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి ఆ లిస్టుల అన్నీ ఆఫ్ ఉన్నయా చూడున్రి. నేను మా అమ్మ ఫోన్ చూస్తే వాట్సాప్‌కు ఆన్ ఉండె, ఎవలు చేసిన్రో ఇప్పటికీ తెల్వదు.

చౌరస్తా_సెల్_పాయింట్
పాటల యాప్ యాడ్స్ లేకుండ కావాలె అని పిలగాండ్లు వస్తరు, వాళ్లకు వేసిచ్చేటప్పుడు ఆన్ చేస్తం. మళ్ల ఆఫ్ చేసుడు మర్చిపోతం. నిజం చెప్తున్న.

ములుగు_రోడ్డు
దొరికిండు దొంగ 😂

నర్సంపేట_మిర్చి
నాది వేరే కత. ప్లే స్టోరే, అసలుదే, నేను పేరు కొట్టి వెతికి వేసిన. ఏనుమాముల మార్కెట్ల మిర్చి ధర పడ్డప్పుడు పదివేలు అర్జంటయ్యి లోన్ యాప్ వేసిన. కాంటాక్ట్స్ అడిగింది, ఇచ్చిన. ఒక్క వారం లేట్ అయితే మా బావమరిదికి, మా ఊరి సర్పంచ్‌కు గూడ ఫోన్లు చేసిన్రు. దీనికేమంటరు? అది దొంగ స్టోర్ కాదు గదా.

కాజీపేట_జంక్షన్
వెతికినప్పుడు ఫస్ట్ వచ్చింది వేసినవా? ఫస్ట్ వచ్చేది యాడ్ ఉంటది, స్పాన్సర్డ్ అని చిన్నగ రాసి.

నర్సంపేట_మిర్చి
ఫస్టుదే వేసిన. 4.4 ఉండె.

భద్రకాళి_బండ్
అన్నా 4.4 అనేది సగటు, దాంతోని ఏం తెల్వది. రివ్యూల్లకు పోయి కొత్తయి ముందు పెట్టి, ఒక్క చుక్క ఇచ్చినోళ్లవి చదవాలె. అయిదు చుక్కలోళ్లు "గుడ్ యాప్", "నైస్" అని వదిలేస్తరు, అందుల కొనుక్కున్నయి గూడ ఉంటయ్. ఒక్క చుక్కోడు మాత్రం పేరగ్రాఫ్ రాస్తడు, వాడికి కడుపు మండింది గనక. అందుల "కాంటాక్ట్స్‌కు ఫోన్లు చేస్తున్నరు" అని పదిమంది రాసుంటే ఇంక చూడొద్దు.
ఇంకోటి, ప్లే స్టోర్ల లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫొటోలు అడగొద్దని 2023 మే నించి గూగుల్ రూల్ ఉన్నది. నువ్వు వేసింది ఎప్పుడు?

నర్సంపేట_మిర్చి
నిరుడే.

భద్రకాళి_బండ్
అట్లయితే రూల్ తప్పి దూరింది. ప్లే స్టోర్ల ఆ యాప్ పేజీల పైన మూడు చుక్కలు నొక్కి "ఫ్లాగ్ యాజ్ ఇన్‌అప్రోప్రియేట్" కొట్టు, ఇంకా ఉంటే. లోన్ ఇచ్చిన కంపెనీ ఆర్బీఐ కింద ఉన్నదో లేదో చూడాలంటే 2025 జులై నించి ఆర్బీఐ సైట్ల లోన్ యాప్‌ల లిస్టు పెట్టిన్రు. అందుల లేకపోతే అనుమానించాల్సిందే. డాటా సేఫ్టీ అని పేజీల రాసుంటది గదా, అది యాప్ చేసినోడు తన గురించి తనే రాసుకున్నది, దాన్ని పట్టుకోని నమ్మొద్దు.

మడికొండ_మాస్టారు
సర్కారు యాప్ అని ఎట్లా తెలుసుకోవాలి? పేరు, బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు గదా.

కాజీపేట_జంక్షన్
సర్కారు యాప్‌లకు పేజీల పేరు దగ్గర గవర్నమెంట్ అని చిన్న గుర్తు ఉంటది మాస్టారూ, 2024 మే నించి పెడ్తున్నరు. నొక్కితే సర్కారుకు సంబంధించిందే అని గూగుల్ చూసినట్టు చెప్తది. కానీ అన్నిటికీ లేదు, లేదని దొంగది అనుకోవద్దు. చలానాకైతే యాప్ ఎందుకు, echallan.parivahan.gov.in అని చేత్తో టైప్ చేసి బండి నంబర్ కొట్టుకోవచ్చు.

జమ్మికుంట_జాజి
@హన్మకొండ_పిల్ల మెసేజ్ పంపిన ఆ దోస్తు నంబర్ సంగతి ఏమైంది? ఆయనకు ఫోన్ చేసిన్రా?

హన్మకొండ_పిల్ల
చేసినం. ఆయన అసలు పంపనే లేదట. ఆయన గూడ రెండ్రోజుల కింద ఎవలో పంపింది వేసుకున్నడు, అప్పటి నించి ఆయన నంబర్ నించే అందరికీ పోతున్నదట. ఆయనకు పైసలు పోలే, అకౌంట్ల లెవ్వు గావట్టి. బాపు ఆయనతోని మాట్లాడుడు బంద్ చేసిండు ఇప్పుడు, అదొక లొల్లి.

ములుగు_రోడ్డు
మరి బాపు నంబర్ నించి గూడ పోయుంటయ్. వాట్సాప్‌ల లింక్డ్ డివైసెస్ చూడు. ఇంకోటి, సిమ్ వేసిన ఫోన్ల నించి *#21# కొట్టి కాల్స్ ఎటన్న మలిపిన్రా చూడు. మలిపి ఉంటే ##002# కొడితే అన్నీ పోతయ్.

హన్మకొండ_పిల్ల
కాల్స్ మలపలే. లింక్డ్‌ల ఏం లేదు. కానీ 63 మందికి పోయినయ్, మా మేనత్త గూడ నొక్కిందట, అలో కాడ ఆగింది. ఎందుకంటే నా పెండ్లికి కొన్న కొత్త ఫోన్, ఏం నొక్కినా భయం ఆమెకు.

తమ్ముడు వచ్చిండు, కొట్టిండు. ఇది వచ్చింది, మిగతయి తీసేసిన:

```
package:com.whatsapp  installer=com.android.vending
package:com.rtoch.helper77  installer=com.google.android.packageinstaller
package:com.msgsync.core31  installer=com.rtoch.helper77
```

భద్రకాళి_బండ్
చూసినవా, చదవనీకె సులువు. మొదటిది ప్లే స్టోర్ వేసింది. రెండోది బాపు చేత్తో ఫైల్ నొక్కి వేసింది, అదే ఖాళీ పేరుది. మూడోదాన్ని వేసింది ఆ రెండోదే. తలుపు తీసేది ఒకటి, లోపల పని చేసేది ఇంకొకటి. మొదటిది చిన్నగ, ఏం ఎరుగనట్టుంటది, "అప్‌డేట్ చేసుకో" అని రెండోదాన్ని దింపుతది. ఒక్కటి తీసేసి అయిపోయింది అనుకునేటోళ్లు గిక్కడ్నే బోల్తా పడ్తరు. దీన్ని గూడ ఫొటో తియ్, ఫిర్యాదుకు పెట్టు.
ఇప్పుడు తీసెయ్. అన్‌ఇన్‌స్టాల్ బటన్ వెలగకపోతే సెట్టింగ్స్‌ల డివైస్ అడ్మిన్ యాప్స్ అని వెతికి అందుల టిక్ తీసి మళ్ల చెయ్. తర్వాత రీసెట్. బ్యాకప్ నించి ఫొటోలు, కాంటాక్ట్స్ తెచ్చుకో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మాత్రం తెచ్చుకోవద్దు, ఆ .apk అందులనే ఉంటది.

హన్మకొండ_పిల్ల
సింక్ సర్వీస్‌కు వెలగలే, మీరు చెప్పినట్టే అడ్మిన్ల ఉండె. పోయింది ఇప్పుడు. రీసెట్ పెట్టినం.
1930 నించి ఫోన్ వచ్చింది, ఆఖరు 9,000 ఆపిన్రట, మిగతా 39 వేలు వేరే అకౌంట్లకు పోయినయట. బ్యాంకు మేనేజర్ అయితే కార్డు వివరాలు మీరే ఇచ్చిన్రు గదా, మీ తప్పే అన్నడు.

కాజీపేట_జంక్షన్
ఆర్బీఐ 2017 జులై సర్క్యులర్ ఉన్నది, మన తప్పు లేకుంటే మూడు పని దినాలల్ల చెప్తే మనకు నష్టం ఉండొద్దు అని. అది చూపెట్టున్రి.

భద్రకాళి_బండ్
ఆ సర్క్యులర్లనే కస్టమర్ నిర్లక్ష్యం ఉంటే చెప్పేదాంక పోయినయి కస్టమర్‌వే అని గూడ ఉన్నది. బ్యాంకు దాన్నే పట్టుకుంటది. కార్డు నంబర్ ఇచ్చిండు నిజమే, ఓటీపీ మాత్రం ఇయ్యలే, డిఫాల్ట్ ఎస్సెమ్మెస్ ఫొటో అందుకే తియ్యమన్న. రాసి ఇయ్యి, ముట్టినట్టు సంతకం తీసుకో. 30 రోజులల్ల జవాబు రాకపోయినా, ఒప్పుకోకపోయినా cms.rbi.org.in ల అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు. ఇస్తరా ఇయ్యరా నేను చెప్పలేను.

పరకాల_పత్తి
నేను మీ బాపును అన్నందుకు తప్పైంది చెల్లె. మా ఇంట్ల ఇప్పుడే చూసిన, మా నాయిన ఫోన్ల క్రోమ్‌కు ఆ బటన్ ఆన్ ఉన్నది. ఏడేండ్ల కింద నేనే ఏదో గేమ్ కోసం చేసిన యాదికొచ్చింది.

హన్మకొండ_పిల్ల
రేపు బ్యాంకుకు పోతున్నం, రెండు ఫొటోలు ప్రింట్ తీపిచ్చిన. బాపు కూడ వస్త అంటుండు. ఆ దోస్తును గూడ తోలుకపోదమా సాక్ష్యానికి, ఆయన ఫోన్ల ఇంకా ఆ ఖాళీ యాప్ అట్లనే ఉన్నది?

భద్రకాళి_బండ్
ఆయన ఫోన్ నెట్ ముందు బంద్ చేపియ్యి, బ్యాంకు తర్వాత.